వారం ఇంజెక్షనా, రాత్రి క్యాప్సూలా, కుట్టా: ఏది మేలు?

మొదటి కాన్పు ఏడో నెలలోనే అయిపోయినవాళ్లు, రెండోసారి గర్భం నిలవగానే నల్గొండలో మా ఓపీకి వచ్చి అడిగేది ఒకటే. "మేడం, వారం వారం ఇంజెక్షన్ వేయించుకోవాల్నా, క్యాప్సూల్ పెట్టుకోవాల్నా, గర్భసంచి మూతికి కుట్టు వేయించుకోవాల్నా?" నేను ముందు స్కాన్ రిపోర్టు అడుగుతాను. గర్భసంచి మూతి, అంటే సర్విక్స్, ఎంత పొడవుందో సరిగ్గా తెలిస్తేనే మిగతా మాట. అది పొట్టిగా ఉంటే కాన్పు ముందే అయ్యే భయం ఎక్కువ. నా దృష్టిలో మందు కన్నా ముందు తేలాల్సింది ఆ కొలత ఎలా తీశారన్నదే.

కడుపు మీద నుంచి తీసిన కొలతను నేను నమ్మను. అలా చూడాలంటే మూత్రం బాగా ఆపుకోవాలి. నిండిన మూత్రసంచి ఒత్తిడికి గర్భసంచి కింది భాగం గోడలు ఒకదానికొకటి అదుముకుని, మూతి ఉన్నదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది. ఒక్కోసారి బిడ్డ తల అడ్డొచ్చి అసలు కనపడదు.

దేవరకొండ వైపు నుంచి ఒకామె వచ్చింది. మొదటి బిడ్డ 30 వారాలకే పుట్టింది. ఇప్పుడు 20 వారాలు. టిఫా స్కాన్‌లో సర్విక్స్ 34 మిల్లీమీటర్లని రాశారు. 25 దాటితే భయం లేదని ఎవరో చెప్పారట, ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు. అది కడుపు మీద తీసిన కొలత. మూత్రానికి వెళ్లి రమ్మని, కింద నుంచి చూస్తే 19 వచ్చింది.

"కింద నుంచి పెడితే బిడ్డకు ఏమన్నా అయితదా?" అని వాళ్ల అత్తమ్మ అడిగింది. ఏమీ కాదు. ప్రోబ్ యోనిలోనే ఉంటుంది, గర్భసంచి లోపలికి పోదు. అయితే చూసేవాళ్లు దాన్ని గట్టిగా ఒత్తకూడదు, ఒత్తితే ఇక్కడా మూతి పొడుగ్గా కనిపిస్తుంది. బొమ్మ మసకబారేదాకా ప్రోబ్ కొంచెం వెనక్కి తీసి, మళ్లీ స్పష్టంగా కనపడేంతవరకే ముందుకు జరపాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు చూస్తూ మూడుసార్లు కొలిచి, స్పష్టంగా వచ్చినవాటిలో అన్నిటికన్నా తక్కువది రాయాలి. చూస్తుండగానే మూతి పైభాగం తెరుచుకుని పొడవు తగ్గిపోవడం ఉంటుంది. అందుకే హడావిడి పనికిరాదు. ముందు కాన్పు నెలలు నిండకుండా అయినవాళ్లకు 16 వారాల నుంచి 24 దాకా రెండు వారాలకోసారి ఇలా చూడాలి. ఈమె మరి కాస్త ముందే రావాల్సింది.

ఇక మందు. కింద పెట్టుకునే ప్రొజెస్టిరాన్ హార్మోన్ క్యాప్సూల్‌కే నా మొగ్గు. 2007లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో సర్విక్స్ 15 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకు రోజూ రాత్రి 200 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఇచ్చారు. ఉత్తుత్తి క్యాప్సూల్ పెట్టుకున్నవాళ్లలో నూటికి 34 మందికి 34 వారాల లోపే కాన్పు కాగా, మందు పెట్టుకున్నవాళ్లలో అది 19కి తగ్గింది. 19 మందికి ఆగలేదన్నదీ అంతే నిజం. ఆ మాట దాచకుండా చెప్తాను.

వారం వారం వేసే ఇంజెక్షన్ వేరే మందు, హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ కాప్రోయేట్. దానితో లాభం తేలలేదని 2019లో పెద్ద పరిశోధన చెప్పింది, 2023లో అమెరికా దాని అనుమతినే రద్దు చేసింది. సూది పొడిస్తేనే మందు పనిచేసినట్టు మనవాళ్లకు అనిపిస్తుంది గానీ, ఈ విషయంలో ఆ నమ్మకానికి ఆధారం లేదు.

కుట్టును మాత్రం తక్కువ చేయలేను. ముందు కాన్పు తొందరగా అయి, 24 వారాల లోపు సర్విక్స్ 25 కన్నా తగ్గినవాళ్లకు అదీ మంచి దారే. దానికి మత్తు, ఆపరేషన్ థియేటర్ కావాలి. అందుకే ఈమెకు రెండూ వివరంగా చెప్పాను, ఆమె క్యాప్సూల్ ఎంచుకుంది. వారానికి మళ్లీ చూస్తామని, 10 కన్నా తగ్గినా, మూతి తెరుచుకున్నా కుట్టు వేయాల్సి రావచ్చని ముందే చెప్పి పంపాను. కవలలైతే లెక్క వేరు. గర్భసంచి మూతికి తొడిగే రింగు గురించి అడిగేవాళ్లున్నారు, నేను వాడను. మంచం దిగొద్దనడం వల్ల కాన్పు ఆగదు.

క్యాప్సూల్ పడుకునే ముందు వేలితో వీలైనంత లోపలికి పెట్టుకోవాలి. 36 వారాల దాకా వాడాలి. పొద్దున తెల్లగా, నూనెలా కొంచెం బయటికొస్తుంది. మందంతా పోయిందని మళ్లీ ఇంకోటి పెట్టుకోవద్దు, బయటికొచ్చేది ఎక్కువగా పైతొడుగూ నూనే. ఉమ్మనీరు పోతుందేమోనని చాలామందికి టెన్షన్. ఉమ్మనీరైతే నీళ్లలా పల్చగా, బట్ట తడిసేలా కారుతూనే ఉంటుంది. అలా ఉన్నా, రక్తం కనపడినా, నడుము నొప్పి వచ్చిపోతూ ఉన్నా మరుసటి రోజు ఓపీ దాకా ఆగకుండా రాత్రే బయల్దేరాలి.