పాత పత్రిక ఫొటోల్లో చుక్కలు తీయడం: ఇమేజ్‌మ్యాజిక్ ఫూరియర్ పద్ధతి, నా అనుభవం

పాత దినపత్రికల్లో అచ్చయిన ఫొటోలను శుభ్రం చేయడానికి చాలాకాలంగా నేను ఇమేజ్‌మ్యాజిక్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ఫూరియర్ కమాండ్ `-fft` వాడుతున్నాను. ఇది ఉచితం. బటన్లు, మెనూలు ఉండవు, కమాండ్ టైప్ చేయాలి, ఒక్కో ఫొటోకి కాస్త కూర్చోవాలి. అయినా అచ్చు చుక్కలు పోయి ముఖం ముఖంలాగే మిగలాలంటే, నేను వాడిన వాటన్నిటిలో దీన్నే ముందు చెబుతాను.

అచ్చయిన ఫొటో అంటే వరుసలు తీరిన చుక్కలే. నలుపు ఎక్కువ ఉన్నచోట పెద్ద చుక్క, తక్కువ ఉన్నచోట చిన్న చుక్క. దినపత్రికల్లో సాధారణంగా అంగుళానికి 85 వరుసలు ఉంటాయి. మంచి కాగితం మీద వచ్చే వారపత్రికల్లో 133, 150 దాకా ఉంటాయి. స్కానర్‌కి దాని పిక్సెళ్ల వరుసలు దానికుంటాయి. రెండు వరుసలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండి కొంచెం తేడా పడితే, కాగితం మీద లేని మూడో అల పుడుతుంది. ముఖాల మీద కనిపించే గళ్లు, చారలు అవే. వాటినే మోయిరే అంటారు.

అందుకే 150 లేదా 200 డీపీఐలో, అంటే అంగుళానికి అన్ని పిక్సెళ్లతో, స్కాన్ చేసి, తర్వాత ఆ గళ్లను తీయాలని చూడడం వృథా శ్రమ. 600 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక్కో చుక్కకి ఏడు పిక్సెళ్లు దక్కుతాయి, అల అసలు పుట్టదు, చుక్కలు చుక్కలుగానే కనిపిస్తాయి. అయితే ఆ ఫొటోని ఫోన్‌లో పంపడానికి చిన్నది చేయగానే గళ్లు మళ్లీ వస్తాయి. కాబట్టి చుక్కలు తీయాల్సింది పెద్ద సైజులో, చిన్నది చేయక ముందే.

చుక్కలు పోవడానికి అందరూ మొదట చేసేది బ్లర్. ఏడు పిక్సెళ్ల చుక్క కనబడకుండా పోవాలంటే గాసియన్ బ్లర్‌ని సుమారు 3 పిక్సెళ్ల సిగ్మాతో వేయాలి. అప్పుడు చుక్కకి రెండింతల వెడల్పున్న వివరం కూడా సగానికి పైగా బలం కోల్పోతుంది. కనురెప్పలు, మీసం అంచు, నగల గీతలు అన్నీ ఆ కొలతలోనే ఉంటాయి. అచ్చు చుక్కలు తీయడానికి స్కానర్లతో వచ్చే డీస్క్రీనింగ్ సదుపాయం దీనికంటే కొంత నయం, తొందర పనికి సరిపోతుంది. కానీ నా స్కానర్‌లో దాని ఫలితం చాలాసార్లు మెత్తగా, మైనం పూసినట్టు వచ్చింది.

ఫూరియర్ పద్ధతి వేరేలా పనిచేస్తుంది. బొమ్మను అలలుగా విడగొట్టి, ఏ అల ఎంత బలంగా ఉందో మరో బొమ్మగా గీసి చూపిస్తుంది. దాన్ని స్పెక్ట్రమ్ అంటారు. నిదానంగా మారే వెలుగునీడలు నడిమధ్యలో ఉంటాయి, సన్నని వివరాలు మధ్య నుంచి దూరంగా ఉంటాయి. అచ్చు చుక్కలు పేజీ అంతా ఒకే దూరంలో, ఒకే కోణంలో ఉంటాయి కాబట్టి అవి కొన్ని మెరిసే నక్షత్రాలుగా విడిగా తేలిపోతాయి. ఆ నక్షత్రాలను మూసేసి వెనక్కి మార్చితే చుక్కలు పోతాయి. మిగతా వివరం దాదాపుగా చెక్కుచెదరదు.

ఒక ఫొటో సంగతి పూర్తిగా చెబుతాను. మా ముత్తాతగారు పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. ఆయనవి వేరే ఫొటోలేవీ మిగలలేదు, పసుపు రంగుకి తిరిగిన ఒక దినపత్రిక కత్తిరింపు మాత్రమే ఉంది. దాన్ని గ్రేలో, 600 డీపీఐలో, షార్పెన్, డీస్క్రీనింగ్ రెండూ ఆపేసి స్కాన్ చేశాను. కాగితం వెనక నల్ల కాగితం పెడితే వెనక వైపు అచ్చు తొంగిచూడదు. సేవ్ చేసేది పీఎన్‌జీ లేదా టిఫ్‌లోనే. జేపెగ్ బొమ్మను 8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి నొక్కుతుంది, ఆ గడులు స్పెక్ట్రమ్‌లో తమ సొంత నక్షత్రాలు వేస్తాయి. అవి చుక్కల నక్షత్రాలతో కలగాపులగం అవుతాయి.

తర్వాత ఫొటో కింది వ్యాఖ్య, చుట్టూ ఉన్న తెల్ల అంచు రానీయకుండా 2048 x 2048 పిక్సెళ్లకు కత్తిరించాను. నల్ల అక్షరాలు, తెల్ల అంచులు ఉంటే స్పెక్ట్రమ్ మధ్యలోంచి పొడుగాటి చారలు బయలుదేరి నక్షత్రాలను కప్పేస్తాయి. చతురస్రం కాని ఫొటోని ఇమేజ్‌మ్యాజిక్ తానే చతురస్రంగా నింపుకుంటుంది. అప్పుడు చివర్లో పాత కొలతకి మళ్లీ కత్తిరించాలి.

```
magick photo.png -fft -delete 1 -auto-level -evaluate log 10000 spectrum.png
```

నక్షత్రాలు ఎక్కడ ఉండాలో ముందే లెక్క కట్టొచ్చు. ఈ లెక్కే నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చిన విషయం. 2048ని 85తో గుణించి 600తో భాగిస్తే 290 వస్తుంది. అంటే మధ్య నుంచి 290 పిక్సెళ్ల దూరంలో వెతకాలి. నలుపు తెలుపు అచ్చులో చుక్కల వరుసలు మామూలుగా 45 డిగ్రీల వాలులో ఉంటాయి. కాబట్టి అడ్డంగా 205, నిలువుగా 205 జరిగితే నక్షత్రం దొరకాలి. నాలుగు మూలలా నాలుగు దొరికాయి, ఒకటి రెండు పిక్సెళ్ల తేడాతో. వీటితో పాటు చుక్క ఆకారం వల్ల పుట్టే పిల్ల నక్షత్రాలు కూడా ఉంటాయి. అవి అడ్డంగా, నిలువుగా 410 దూరంలో నాలుగు, వాలుగా 580 దూరంలో ఇంకో నాలుగు. మొదటి నాలుగింటినే మూసి ఆపితే చుక్కలు మసకగా మిగిలిపోతాయి.

స్పెక్ట్రమ్‌ని గింప్‌లో తెరిచి, పైన ఖాళీ లేయర్ పెట్టి, ఒక్కో నక్షత్రం మీద నల్లటి గుండ్రం వేశాను. తర్వాత కింది లేయర్ అంతా తెలుపు నింపి `mask.png`గా ఎగుమతి చేశాను. గుండ్రం ఎంత ఉండాలన్నది చూసి తేల్చుకోవాలి. చుక్కల సైజు వెలుగునీడలతో పాటు మారుతుంది కాబట్టి నక్షత్రం ఒక్క పిక్సెల్‌గా ఉండదు, చుట్టూ చిన్న మంచులా వ్యాపిస్తుంది. ఈ ఫొటోకి 25 పిక్సెళ్ల వ్యాసార్ధం సరిపోయింది. నడిమధ్య మాత్రం ఎప్పుడూ మూయకూడదు. ఫొటో మొత్తం వెలుగు అక్కడే ఉంటుంది, అది పోతే బొమ్మే చీకటైపోతుంది.

```
magick mask.png -blur 0x6 mask-soft.png
magick photo.png -fft \
  \( -clone 0 mask-soft.png -compose multiply -composite \) \
  -swap 0,2 +delete -ift clean.png
```

మాస్క్ అంచును బ్లర్ చేయడం తప్పనిసరి. అంచు కోసినట్టు ఉంటే, ఫొటోలో నలుపూ తెలుపూ కలిసే ప్రతిచోటా నీటి అలల్లాంటి సన్నని గీతలు పుడతాయి. విండోస్‌లో అయితే కుండలీకరణాల ముందు, లైన్ల చివర ఉన్న `\` తీసేసి, మొత్తం ఒకే లైన్‌లో రాయాలి. ఇంకో సంగతి: కొన్ని ఇన్‌స్టాల్ ఫైళ్లలో ఈ సదుపాయమే ఉండదు. `magick -version` అని కొట్టి, డెలిగేట్ల జాబితాలో `fftw` ఉందో లేదో ముందే చూసుకుంటే టెన్షన్ తప్పుతుంది.

ఈ ఫొటోలో అసలు చిక్కు ఉత్తరీయం దగ్గర వచ్చింది. కృష్ణుడి భుజం మీది బట్టకి సన్నని గళ్లు ఉన్నాయి. అవీ వరుసగా ఉండేవే కాబట్టి స్పెక్ట్రమ్‌లో తమ మచ్చలు వేశాయి, మధ్య నుంచి సుమారు 170 దూరంలో. మెరిసేవన్నీ మూసుకుంటూ పోతే నేతగళ్లు కూడా చెరిగిపోయి బట్ట సాదాగా మారేది. ఏవి అచ్చువి, ఏవి బట్టవి అని తేల్చడానికి ఒక ఉపాయం ఉంది. అదే స్కాన్‌లో బట్ట లేని చోటు నుంచి, నేను వెనక తెర ఉన్న భాగం నుంచి తీసుకున్నాను, ఇంకో ముక్క కత్తిరించి దాని స్పెక్ట్రమ్ చూడాలి. అచ్చు చుక్కలు పేజీ అంతా ఉంటాయి కాబట్టి వాటి నక్షత్రాలు రెండు ముక్కల్లోనూ ఉంటాయి. చిన్న ముక్క అయితే దూరాలు ఆ మేరకు తగ్గుతాయి. 1024 పిక్సెళ్ల ముక్కలో 290 బదులు 145 దగ్గర చూడాలి. బట్ట మచ్చలు తెర ముక్కలో లేవు. వాటి జోలికి పోలేదు, గళ్లు నిలిచాయి.

ఫలితం సరిగ్గా ఉందో లేదో కంటితో చూసి నమ్మను. తీసేసినదాన్ని విడిగా చూస్తాను.

```
magick photo.png clean.png -compose difference -composite -auto-level diff.png
```

ఇందులో చుక్కలు మాత్రమే ఉండాలి. ముఖం ఆకారం లీలగా కనిపించినా కంగారు పడక్కర్లేదు. మధ్యస్థ బూడిద రంగు ఉన్నచోట చుక్కలు బలంగా, బాగా తెల్లగా లేదా బాగా నల్లగా ఉన్నచోట బలహీనంగా ఉంటాయి కాబట్టి చుక్కలతోనే ముఖం నీడ పడుతుంది. కానీ కనుబొమ్మ, కిరీటం అంచు గీతలాగా తేలితే గుండ్రాలు పెద్దవైపోయినట్టు లెక్క. తగ్గించి మళ్లీ చేయాలి.

చివరగా ఫొటోని సగానికి తగ్గిస్తాను, 600 నుంచి 300 డీపీఐకి. 85 వరుసల అచ్చులో అంతకంటే ఎక్కువ వివరం అసలు లేదు. ఈ పద్ధతి చుక్కలు తీస్తుందే గానీ చుక్కల మధ్య లేని వివరాన్ని తేలేదు. ఆ ఫొటో కాగితం మీద మూడున్నర అంగుళాలు, అదే సైజులో ప్రింట్ తీస్తే కళ్లలో కాటుక గీత కూడా తెలుస్తోంది. గోడకి పెట్టే పెద్ద ఫ్రేమ్‌కి మాత్రం పనికిరాదు.

రంగుల ఫొటోలకి శ్రమ ఎక్కువ. నాలుగు సిరాలూ వేర్వేరు కోణాల్లో అచ్చవుతాయి, నలుపు సాధారణంగా 45 డిగ్రీల్లో, మిగతావి పక్కకి తిప్పి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో మాస్క్ చేయడం మేలు. చిన్న ఫొటోకి అంత ఓపిక పెట్టను, డీస్క్రీనింగ్‌తో సరిపెడతాను.

కొత్తగా తీసే పట్టుచీర ఫొటోల మీద రంగురంగుల చారలు పడితే దీని జోలికి వెళ్లకండి. అక్కడ చార ఒక మడత మీద ఒకలా, ఇంకో మడత మీద ఇంకోలా వంగుతుంది, స్పెక్ట్రమ్‌లో ఒక చోట నిలవదు. లైట్‌రూమ్‌లో మోయిరే స్లైడర్‌ని బ్రష్‌తో ఆ చోట వరకే వేస్తే రంగు చారలు బాగా తగ్గుతాయి. టీవీ, కంప్యూటర్ తెరల ఫొటో అయితే ఒక అడుగు వెనక్కి జరిగో, ఫోన్‌ని కొంచెం వాల్చో మళ్లీ తీయడమే త్వరగా అయ్యే పని.

ఎవరో ఫోన్‌లో తీసి పంపిన పాత పత్రిక ఫొటోలు నాకు తరచూ వస్తుంటాయి, వాటిలో అల అప్పటికే కలిసిపోయి ఉంటుంది. చుక్కల నక్షత్రాలు మడతపడి స్పెక్ట్రమ్ మధ్యకి, ముఖపు వివరాలున్న చోటికే వచ్చి కూర్చుంటాయి. మూస్తే ముఖమూ కొంత పోతుంది. అలాంటప్పుడు ఆ కత్తిరింపు ఇంకా ఎవరి దగ్గరైనా ఉందా అని అడుగుతాను. ఉంటే 600 డీపీఐలో స్కాన్ చేయించి పంపమంటాను.