లింకింగ్ పదాల కార్డు మానేసి రెండేళ్లు: వాడి చూసి చెబుతున్నది

బెంగళూరు మారతహళ్ళిలో నేను చేరిన ఐఎల్టీఎస్ కోచింగ్ సెంటర్‌లో మొదటి రోజే ఒక లామినేషన్ కార్డు చేతిలో పెట్టారు. దాని మీద ఇంగ్లిష్ వాక్యాలను కలిపే లింకింగ్ పదాలు నలభై దాకా, అన్నిటికంటే పైన హౌఎవర్, మోరోవర్, దేర్‌ఫోర్. ప్రతి పేరాలో కనీసం మూడు పడాలన్నారు. ఎనిమిది నెలలు ఆ కార్డే నాకు దిక్కు. ఆ ఇంగ్లిష్ పరీక్ష రెండుసార్లు రాస్తే రెండుసార్లూ రైటింగ్‌లో 9కి 6 వచ్చింది. నా తప్పు గ్రామర్‌లో ఉందనుకుని గ్రామర్ పుస్తకాలు కొన్నాను. అవి ఇంకా అట్టలు నలగకుండా ఉన్నాయి.

కార్డు పక్కన పెట్టించింది పీజీ హాస్టల్లో నా రూమ్మేట్, నేను అక్క అంటాను. ఆమెది మదనపల్లె, ఇక్కడ ఒక స్కూల్లో ఇంగ్లిష్ చెబుతుంది. నా వ్యాసం చదివి ఒకటే అడిగింది. "నువ్వు అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇట్లాగే ప్రతి మాటకీ ఆగి, 'అంతేకాకుండా' అంటావా?"

అననని ఒప్పుకున్నాను. మరి ఎలా అంటానో ఆ రాత్రి ఇద్దరం కూర్చుని చూశాం. నేను రెండేళ్లుగా వాడుతున్న పద్ధతి అక్కడే మొదలైంది. దీనికి పేరేమీ లేదు. మేము తోక పద్ధతి అంటాం.

సంగతేమిటంటే, తెలుగులో రెండు విషయాలను కలిపే పని చాలావరకు క్రియ తోక చేసేస్తుంది. వర్షం పడడంతో బస్సు రాలేదు. వర్షం పడినా బస్సు వచ్చింది. వర్షం పడితే బస్సు రాదు. వర్షం పడగానే బస్సు ఆగిపోయింది. నాలుగు వాక్యాల్లో నాలుగు సంబంధాలు, కానీ విడిగా నిలబడ్డ లింకింగ్ పదం ఒక్కటీ లేదు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మనం ఆ తోకను కోసేస్తాం. వర్షం పడింది, ఫుల్‌స్టాప్. బస్సు రాలేదు, ఫుల్‌స్టాప్. తోక పోయాక రెండు ముక్కలూ విడిపోతాయి కదా, అప్పుడు కార్డు తీసి ఒక దేర్‌ఫోర్‌తో అతికిస్తాం. పైగా అతికించేటప్పుడు అసలు తోక ఏదో గుర్తుండదు. 'పడినా' అనాల్సిన చోట మోరోవర్ పడిపోతుంది.

ఒక పేరా మీద చూపిస్తే బాగా తెలుస్తుంది. 2024 వేసవిలో బెంగళూరు నీటి కరువు మీద నేను రాసిన ఇంగ్లిష్ పేరా ఇది. వాక్యాలను ఇక్కడ తెలుగులోనే చెబుతాను, అతుకు మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచుతాను.

'బెంగళూరుకు కావేరి నీరు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి పంపుల మీద వస్తుంది. మోరోవర్, నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. దేర్‌ఫోర్, ఈ నీటికి ఖర్చు ఎక్కువ. హౌఎవర్, శివార్లలో చాలామంది బోర్ల మీద ఆధారపడతారు. మోరోవర్, ఆ వేసవిలో చాలా బోర్లు ఎండిపోయాయి. దేర్‌ఫోర్, ట్యాంకర్ల ధర పెరిగింది.'

ఆరు వాక్యాలు, ఐదు అతుకులు. అప్పట్లో ఇది చూసి నాకు గర్వంగా ఉండేది కూడా.

మొదటి పని, ఐదు మాటలనూ పెన్సిల్‌తో కొట్టేయడం. రెండోది, ప్రతి జంటనూ అమ్మకు చెప్పినట్టు తెలుగులో పైకి చెప్పడం. మొదటి జంట నా నోట్లోంచి ఇలా వచ్చింది: "ఊరు నది కంటే అంత ఎత్తులో ఉండడంతో నీళ్లను పంపులతో ఎక్కించాల్సి వస్తుంది." తోక 'ఉండడంతో'. అంటే ఇది కారణం. నేను రాసిన మోరోవర్‌కు అర్థం 'ఇంకొకటి ఏమిటంటే' అని. ఎత్తు అసలు కారణమైతే, దాన్ని ఇంకో సమాచారంలాగా పక్కన పడేశాను. తోక దొరికాక ఇంగ్లిష్‌లో సిన్స్ గానీ బికాజ్ గానీ పెట్టి రెండు వాక్యాలనూ ఒకటి చేశాను.

తర్వాత ఖర్చు. ఇక్కడ తోక కూడా అక్కర్లేకపోయింది. ముందు వాక్యం చివర 'ఎక్కించడం' ఉంది కాబట్టి, తర్వాతి వాక్యాన్ని 'అంత ఎత్తుకు ఎక్కించడానికయ్యే కరెంటు' అని మొదలుపెడితే చాలు. పాత వాక్యం చివర వదిలిన మాటను కొత్త వాక్యం మొదట్లో అందుకోవడం అన్నమాట. హాలిడే, రుకయ్యా హసన్ అనే భాషావేత్తలు 1976లోనే ఇంగ్లిష్‌లో వాక్యాలు ఐదు రకాలుగా ముడిపడతాయని వివరించారని అక్క చెప్పింది. తన ఎంఏలో చదివిందట. హౌఎవర్ లాంటి మాటలు ఆ ఐదింటిలో ఒక రకమే. పేరుకు బదులు సర్వనామం రావడం, అదే మాట గానీ దాని దగ్గరి మాట గానీ మళ్ళీ రావడం కూడా ముడులే. నా కార్డు ఆ ఒక్క రకాన్నే నలభై రూపాల్లో ఇచ్చిందని అప్పుడు అర్థమైంది.

నాలుగో వాక్యంలోని హౌఎవర్ దగ్గర చాలాసేపు ఆగిపోయాం. కావేరి నీటికి ఖర్చెక్కువ, శివార్లు బోర్ల మీద ఉన్నాయి. ఈ రెండింటికీ వైరుధ్యం ఎక్కడుంది? తెలుగులో చెప్పబోతే 'అయినా' నోట్లోంచి రాలేదు. వచ్చింది ఇది: "ఆ పైపు చేరని శివార్లలో..." అంటే నేను చేసింది విషయం మార్చడం మాత్రమే. మలుపు తిరిగిన ప్రతిచోటా హౌఎవర్ పెట్టడం నాకు ఒక అలవాటుగా తయారైంది. 'ఆ పైపు' అనే రెండు మాటలే ముందు సంగతిని లాక్కొచ్చి శివార్లకు ముడివేశాయి.

మిగిలిన రెండూ తేలిక. 'ఆ బోర్లు' అని మొదలుపెట్టాను, 'ఎండిపోయేసరికి' అనే తోకతో ట్యాంకర్ల ధర కలిపాను. ఐదు అతుకులూ పోయాయి, ఆరు వాక్యాలు నాలుగయ్యాయి.

అలాగని హౌఎవర్ అంటరానిదేమీ కాదు. ఆ పేరాకు తర్వాత ఒక సంగతి కలిపాను. 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు రేట్లు కట్టింది, 5 కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600 రూపాయలని. మా పీజీ ఓనరు మాత్రం అంతకు రెట్టింపుకు పైగా ఇచ్చాడు. ఇక్కడ తెలుగులో చెబితే 'అయినా' దానంతటదే వస్తుంది, బలంగా వస్తుంది. ఇలాంటి చోట హౌఎవర్ పెడితే చదివేవాడు నిజంగా ఆగుతాడు. దాన్ని వాక్యం మొదట్లోనే పెట్టాలని కూడా లేదు. 'మా వీధిలో' అన్న తర్వాత, రెండు కామాల మధ్య పెడితే బరువు 'మా వీధి' మీద పడుతుంది, రూలు ఊరికి, మా వీధికి కాదు అన్నట్టుగా. రెండు పూర్తి వాక్యాల మధ్య ఉత్త కామా వేసి హౌఎవర్ పెట్టడం మాత్రం తప్పే. అక్కడ ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ పడాలి. బట్‌కు ఆ గొడవ లేదు, కామా సరిపోతుంది. బట్‌తో వాక్యం మొదలుపెట్టకూడదని స్కూల్లో భయపెట్టారు గానీ, మంచి ఇంగ్లిష్ పత్రిక ఏది తెరిచినా కనిపిస్తూనే ఉంటుంది.

ఇక ఈ పద్ధతితో పడ్డ ఇబ్బందులు. మొదటిది, తెలుగు తోకలన్నీ ఇంగ్లిష్‌లోకి అలాగే దిగవు. 'వర్షం పడి బస్సు రాలేదు' మనకు చక్కటి వాక్యం. దాన్ని నేను 'హావింగ్ రెయిన్డ్, ద బస్' అని మొదలుపెట్టాను. వర్షం కురిసింది బస్సే అన్నట్టు తయారైంది. ఇంగ్లిష్‌లో అలా మొదలైన ముక్కకు, అసలు వాక్యానికి కర్త ఒకటే అయి ఉండాలి. అందుకే 'పడి', 'వచ్చి', 'చేసి' తోకలు వస్తే నేను రెండు ముక్కలకూ కర్త ఎవరో చూసుకుంటాను. వేరైతే బికాజ్ వైపు వెళ్ళిపోతాను.

రెండోది నేను తెచ్చిపెట్టుకున్న జబ్బు. కార్డు మానేసిన రెండు నెలలకు నా వ్యాసం నిండా దిస్ పుట్టుకొచ్చింది. ఒక పేరాలో ఆరు వాక్యాలుంటే నాలుగు దిస్‌తోనే మొదలు. అదీ ఒంటరి దిస్. 'దిస్ వల్ల జనం ఇబ్బంది పడుతున్నారు' అంటే దేనివల్ల? ధర వల్లా, కరువు వల్లా, రూలు వల్లా? దిస్ పక్కన ఒక నామవాచకం తప్పకుండా ఉండాలని అక్క షరతు పెట్టింది. 'ఈ ధర', 'ఈ కట్టడి', 'ఈ దోపిడీ'. మూడింట్లో ఏది ఎంచుకుంటే నా అభిప్రాయం అది అన్నమాట. ఆ నామవాచకం తట్టకపోతే, ముందు వాక్యంలో నేను ఏం చెప్పానో నాకే తెలియనట్టు.

మూడోదాన్ని కనిపెట్టడం కష్టం. ప్రతి వాక్యమూ ముందుదాని చివరను అందుకుంటూ పోతే చదవడానికి హాయిగా ఉంటుంది, పేరా మాత్రం ఎటో వెళ్ళిపోతుంది. ఒకసారి కావేరితో మొదలుపెట్టి, పంపుల మీదుగా కరెంటుకు, కరెంటు నుంచి మెట్రోకు చేరాను. ఎక్కడా కుదుపు లేదు. ఇప్పుడు వాక్యాల కర్తలను మాత్రం అండర్‌లైన్ చేసి వరసగా చదువుతాను. నీరు, ఎక్కించే ఖర్చు, శివార్లు, బోర్లు అని వస్తే ఒకే కుటుంబం. మెట్రో వచ్చిందంటే దారి తప్పినట్టే.

పరీక్షలో ఇదంతా కుదురుతుందా అని అడిగేవాళ్లుంటారు. రైటింగ్‌లో వ్యాసం రాయించే టాస్క్ 2కు ఇచ్చేది 40 నిమిషాలు, రాయాల్సింది కనీసం 250 పదాలు. పైకి చదువుకుంటూ కూర్చునే వీలుండదు, హాల్లో తెలుగులో గొణిగితే బాగోదు కూడా. ఈ పద్ధతి ఇంటి దగ్గర చేయాల్సిందే. నాకు చేయి తిరగడానికి ఐదారు నెలలు పట్టింది, మొదట్లో ఒక్క పేరాకే గంట పోయేది. వచ్చే నెలలో పరీక్ష ఉన్నవాళ్లు దీన్ని మొత్తంగా ఎత్తుకోవద్దు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. వాళ్లు మోరోవర్లు కొట్టేసి చూసుకుంటే చాలు. నా పాత వ్యాసాల్లో ఎక్కువగా అబద్ధమాడింది ఆ మాటే.

పరీక్ష పెట్టేవాళ్లు అందరికీ చూపించే మార్కుల పట్టిక ఒకటుంది, అదైనా ముందు చదవండి. లింకింగ్ పదాలు అతిగా వాడడాన్ని బ్యాండ్ 5 లక్షణాల్లో రాశారు. యాంత్రికంగా ఉండడం 6 దగ్గర ఉంది. 9 దగ్గరికి వెళ్తే, కలిపినట్టు దాదాపు కనిపించకూడదు. ప్రతి పేరాకు మూడు పడాలన్న కోచింగ్ రూలు నన్ను సరిగ్గా 6లో కూర్చోబెట్టిందని అది చదివాకే తెలిసింది. మూడోసారి 7 వచ్చింది. అందులో ఈ పద్ధతి వాటా ఎంతో చెప్పలేను, అప్పటికి చదవడం కూడా పెరిగింది.

ఇప్పటికీ ముగింపు పేరా దగ్గర చేయి దేర్‌ఫోర్ వైపే పోతుంది. అక్కడ తెలుగులో చెప్పి చూసినా 'కాబట్టి' అనే వస్తోంది, తోక రావడం లేదు. అక్క ఉండనివ్వమంటుంది, వ్యాసానికి ఒకటి అయితే ఫరవాలేదట. ఆమె స్కూలు పిల్లలకూ అంతే, హౌఎవర్ ఒకటి, దేర్‌ఫోర్ ఒకటి. మోరోవర్ రాస్తే మాత్రం రెండు వాక్యాలనూ బోర్డు దగ్గరికొచ్చి తెలుగులో చెప్పాలి.