కెమెరా చూసి కొన్నాను, స్టీరింగ్ చూసి ఉంచుకున్నాను

ఈ చిన్న హ్యాచ్‌బ్యాక్ నా దగ్గరికొచ్చి మూడేళ్లు దాటింది. ఇంజిన్ గురించీ మైలేజీ గురించీ ఇప్పటికే చాలామంది రాశారు, నేను రాయను. ఇరుకు సందులో బండి తిప్పాలంటే చేతులు చెమటలు పట్టే నాలాంటి వాళ్లకు ఇందులో ఏది నిజంగా పనికొస్తుందో అదే చెబుతాను.

నాకు ఈ కారులో ప్రాణం లాంటిది దాని టర్నింగ్ రేడియస్. 4.8 మీటర్లు. పాత కారుది 5.3. కాగితం మీద అర మీటరే కదా అనిపిస్తుంది కానీ, బండి పూర్తిగా గుండ్రంగా తిరిగితే ఆ వలయం అడ్డంగా ఒక మీటరు తగ్గినట్టు. మా సందు చివర మలుపులో పాత కారును ముందుకీ వెనక్కీ జరుపుతూ తిప్పాల్సి వచ్చేది, వెనక బైకులవాళ్లు హారన్ కొడుతుంటే ఇంకా టెన్షన్. ఇది అదే మలుపును ఒక్కసారిలో తిరుగుతుంది. రివర్స్ గేరు వేయాల్సిన అవసరమే రాకపోవడం కంటే పెద్ద ధైర్యం ఇంకేముంటుంది?

కెమెరా, సెన్సర్ల గురించి కొన్న కొత్తలో కనిపించిన వాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పటికీ చెడ్డవి అనను. వెనక ఆడుకునే చిన్నపిల్లలు అద్దాల్లో కనపడరు, కెమెరాలో కనపడతారు. గోడ దగ్గరవుతున్నకొద్దీ బీప్ వేగం పెరిగి, సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర ఆగకుండా మోగుతుంది. అంతవరకూ నమ్మకమే.

ఒకరోజు మాత్రం సరుకుల బండి ఒకటి వెనక తలుపు పలకను బల్లలా అడ్డంగా దించి ఆగి ఉంది. నేను దానివైపు రివర్స్ చేస్తున్నాను. తెర మీద దూరం చూపే గీతల్లో అన్నిటికంటే దూరాన ఉండే ఆకుపచ్చ గీతకు పలక ఇంకా అవతలే ఉంది, సెన్సర్ నోరు మెదపలేదు. బయట నిలబడ్డ మా తమ్ముడు "అక్కా, ఆగాగు!" అని అరిచాడు. బ్రేకు వేసేసరికే డిక్కీ తలుపు మీద సొట్ట పడింది.

సర్వీసు కేంద్రంలో కెమెరా బాగానే పనిచేస్తోందన్నారు. నిజమే, అది చెడిపోలేదు. కారణం తర్వాత అర్థమైంది: ఆ రంగు గీతలు నేలను కొలవడానికి గీసినవి. గాలిలోకి పొడుచుకొచ్చిన వస్తువుకు అవి వర్తించవు. కెమెరా నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి, పలక అంచు 75లో ఉంది, దూరం అర మీటరు. కెమెరా నుంచి ఆ అంచు మీదుగా చూపు సాగితే అది నేలను తాకేది 3 మీటర్ల అవతల. తెర మీద గీతలతో పోల్చితే పలక కూడా అంత దూరంలో ఉన్నట్టే కనిపిస్తుంది. మెట్ల అంచు, లారీ నుంచి బయటికొచ్చిన చువ్వలు, కొమ్మలు, అన్నిటికీ ఇదే కథ. ఇక సెన్సర్లు బంపర్ ఎత్తులో ఉంటాయి. వాటి శబ్దతరంగం తగిలి తిరిగి రావాలంటే ఎదురుగా తగినంత వెడల్పున్న తలం కావాలి. పలక సన్నని అంచు, అదీ వాటికి పైన. సన్నని స్తంభాలను కూడా ఇవి ఒక్కోసారి ఆలస్యంగానే పసిగడతాయి.

అందుకే ఇప్పుడు తెరను నేల, పిల్లలు, గుంతల కోసం చూస్తాను. నడుం ఎత్తులో ఏముందో తెలియడానికి మాత్రం మెడ తిప్పి వెనక కిటికీలోంచే చూస్తాను.

టర్నింగ్ రేడియస్‌కు కూడా ఒక మెలిక ఉంది. బ్రోషర్‌లో ఇచ్చేది ఎక్కువగా ముందు బయటి చక్రం తిరిగే దారి. బంపర్ మూల చక్రం కంటే ముందుకు ఉంటుంది కాబట్టి ఇంకో అడుగు దాకా బయటికి వెళ్తుంది. ఫుట్‌పాత్ ఉన్న చోట మూల దాని మీదుగా పోతుంది, ఇబ్బంది లేదు. రెండు వైపులా గోడలుంటే ఆ అడుగే ముఖ్యం. పైగా ఇంత చురుగ్గా తిరిగే బండిని స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తే ముక్కు ఒక్కసారిగా అవతలి పక్కకు ఊగుతుంది. నా కారుకు ముందు సెన్సర్లు లేవు, వెనక కెమెరాకు ఆ సంగతి తెలియదు. తెర వైపే చూస్తూ ఉంటే పక్కన ఆగిన బండికి ముందు మూల గీసుకుంటుంది.

కొనే ముందు టెస్ట్ డ్రైవ్‌ను విశాలమైన రోడ్డు మీద కాకుండా మీ సందులోకే తీసుకెళ్లండి. రివర్స్ వేసి, వెనక ఎవరినైనా నడుం ఎత్తులో గొడుగు అడ్డంగా పట్టుకోమని తెరలో చూడండి. స్టీరింగ్ తిప్పితే గీతలు కూడా వంగుతున్నాయో లేదో గమనించండి.

రెండిట్లో ఒకటే దొరుకుతుందంటే నేను తక్కువ రేడియస్ ఉన్న బండే తీసుకుంటాను, కెమెరా తర్వాతైనా పెట్టించుకోవచ్చు. అయితే నాది మలుపుల సందు, మెడ బాగానే తిరుగుతుంది. మెడనొప్పి ఉన్నవాళ్లూ, తిన్నని సందులోంచి రోజూ వెనక్కే రావాల్సిన వాళ్లూ కెమెరాకే ముందు ఓటు వేస్తారేమో. మా అమ్మ అయితే అదే అడుగుతుంది.