ఫారెక్స్ కార్డుల డాలర్లుంటయి, కానీ పేమెంట్ పోదు: పిల్లల్ని అమెరికా పంపేవాళ్లు జాగ్రత్త

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట దిక్కు నుంచి ఈ ఆగస్టుకు పిల్లల్ని పంపుతున్నవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. ఫారెక్స్ కార్డు అంటే ఇక్కడనే డాలర్లు నింపుకొని బయటి దేశంల వాడుకునే కార్డు. అది అమ్మేటాయన "అంతా యాక్టివ్ చేసినం సార్, దిగంగనే వాడుకోవచ్చు" అంటే విని లేచి రాకండి. మాకు కూడా అదే చెప్పిండు.

మా తమ్ముని కొడుకు డల్లాస్‌ల దిగిండు. కార్డుల 2,000 డాలర్లు ఉన్నయి. ఎయిర్‌పోర్టుల కాఫీ కొని, మిషన్ల చిప్ పెట్టి పిన్ కొడితే పైసలు పోయినయి. అందరం ఊపిరి పీల్చుకున్నం. పది నిమిషాలకు క్యాబ్ యాప్‌ల అదే కార్డు ఎక్కిస్తే డిక్లైన్డ్. మళ్లీ కొట్టినా అంతే.

కారణం ఏందంటే, 2020 జనవరిల రిజర్వ్ బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. కొత్త కార్డు ఇచ్చేటప్పుడు ఆన్‌లైన్ వాడకం, ట్యాప్ చేసుడు ఆపేసి ఉంచాలె, కావాలనుకున్నోళ్లే ఆన్ చేసుకోవాలె అని. అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి అమలైంది. కార్డు పోతే దొంగ చేతికి పైసలు చిక్కొద్దని పెట్టిన రూలు, మంచిదే. ఫారెక్స్ కార్డులు కూడా చాలావరకు ఇట్లనే చేతికొస్తయి: చిప్, పిన్ నడుస్తయి, ఆన్‌లైన్ స్విచ్ మాత్రం ఆఫ్. అమ్మేటాయన "యాక్టివ్" అన్నది చిప్ సంగతి మాత్రమే.

స్విచ్ బ్యాంకు యాప్‌లనే ఉంటది కదా, ఆన్ చేస్తే అయిపాయె అనుకుంటం. అసలు చిక్కు అక్కడనే ఉంది. ఆ స్విచ్ కదలాలంటే ఓటీపీ కావాలె. ఓటీపీ ఇండియా నంబరుకు పోతది. ఆ సిమ్‌కు రోమింగ్ లేదు. మా తమ్ముడు ఇక్కడి నుంచి బ్యాంకుకు ఫోన్ చేస్తే కార్డుదారుతోనే మాట్లాడుతమన్నరు. ఆఖరికి తీసుకపోవడానికి వచ్చిన దోస్తు ఫోన్ల నుంచి పిల్లగాడే మాట్లాడి, పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ చెప్తే ఆన్లైన్ ఆన్ చేసిండ్రు.

ఈ కార్డు ఇండియాల దుకాణంల, ఏటీఎంల పనిచేయదు. నేపాల్, భూటాన్‌ల కూడా అంతే. కాబట్టి ఇక్కడ ఉండంగ లోపం బయటపడదు. అందుకే కౌంటర్ కాడ కూర్చున్నప్పుడే పిల్లల ఫోన్ల యాప్ తెరిపించి, ఆన్‌లైన్, ట్యాప్ స్విచ్‌లు మీ కండ్లముందే ఆన్ చేయించండి. పిన్ కూడా అక్కడనే పెట్టించండి. ఓటీపీ మెయిల్‌కు కూడా వస్తదా అని అడగండి. వస్తదంటే సగం బాధ తీరినట్లే. సిమ్‌కు కనీసం మెసేజ్‌లు వచ్చేటట్లు రోమింగ్ పెట్టించి పంపండి.

ఇగ పెట్రోల్ బంకు సంగతి వేరు. దోస్తు కారుకు నేను పోయిస్తా అని పిల్లగాడు పంపు కాడ కార్డు పెడితే జిప్ కోడ్ అడిగింది. ఐదంకెలే పడతయి, మన 508001 ఎట్ల పట్టాలె? దోస్తు జిప్ కోడ్ కొట్టిండు, కార్డు అడ్రసుతో కలవదు కాబట్టి మళ్లీ డిక్లైన్డ్. లోపలికి పోయి క్యాషియర్‌కు "నాలుగో పంపుకు 20 డాలర్లు" అని చెప్పి, చిప్ పెట్టి పిన్ కొడితే వెంటనే అయింది.

పంపు కాడ ఇంకో తిరకాసు ఉంటది. పెట్రోల్ ఎంత పోసుకుంటరో ముందుగ తెల్వదు కాబట్టి, మిషన్ 100 డాలర్లో, కొన్నిచోట్ల 175 దాకనో ఆపి పెడతది. కార్డుల 90 ఉండి మీకు 20 డాలర్ల పెట్రోలే కావాల్నన్నా పేమెంట్ పోదు. లోపల కట్టినప్పుడు మీరు చెప్పిన 20 మాత్రమే పోతది.

హోటల్ల కూడా ఇట్లనే డిపాజిట్ ఆపుతరు. రూం ఖాళీ చేసినా ఆ పైసలు వెంటనే వాపసు రావు, కొన్నిసార్లు వారాలు పడుతది. కారు అద్దెకిచ్చేటోళ్లు చాలామంది ఇట్ల ముందే పైసలు నింపిన ప్రీపెయిడ్ కార్డు డిపాజిట్‌కు తీసుకోరు. ప్రతి వ్యాపారానికీ కార్డు కంపెనీలు నాలుగంకెల కోడ్ ఇస్తయి. పెట్రోల్ పంపుకు 5542, కారు అద్దెకు 7512. కొన్ని కోడ్‌లను బ్యాంకే ఆపేస్తది, జూదానికి వేసే 7995 అట్లాంటిదే. ఏమేం ఆపిండ్రో కొనేముందే రాతపూర్వకంగ అడగండి.

తప్పు ఎక్కడుందో కొంత పసిగట్టొచ్చు. డిక్లైన్ కాంగనే బ్యాంకు మెసేజ్ వస్తే లేదా యాప్‌ల ఫెయిల్ అని పడితే, ఆపింది బ్యాంకే. అప్పుడు స్విచ్, లిమిట్, పిన్ చూడాలె. ఏదీ రాకుంటే చాలావరకు ఆ దుకాణపోళ్ల మిషనే వెనక్కి పంపిందన్నమాట, బ్యాంకుకు ఫోన్ చేసి లాభం లేదు. అమెరికాల కొన్ని రెస్టారెంట్లల కార్డు తీసుకపోయి గీకుతరు. గీకుడు ఒద్దు, చిప్ పెట్టమనండి. బిల్లు రూపాయలల్ల చూపించి అడిగితే డాలర్లే ఒత్తాలె, కార్డుల రూపాయలు ఉండవు కదా.

మాకు అమ్మినాయన ఇప్పుడు "యాప్‌ల చూస్కోమని చెప్పిన కదా సార్" అంటుండు. చెప్పలేదు.