‘8 జీబీ ర్యామ్’ గేమింగ్ ఫోన్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

మొన్న ఏప్రిల్‌లో మా తమ్ముడికి అమలాపురంలో ఒక షాపులో 9,500 పెట్టి ఫోన్ కొన్నాం. "ఎనిమిది జీబీ ర్యామండి, ఏ గేమైనా ఆడుకోవచ్చండి, ఆయ్" అన్నాడు షాపాయన. ఇంటికొచ్చి సెట్టింగ్స్‌లో About phone తెరిస్తే 4 GB + 4 GB అని ఉంది. ఆ రెండో నాలుగు ర్యామే కాదు. స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం. స్టోరేజీ ర్యామ్ కంటే చాలా నెమ్మది కాబట్టి పెద్ద గేమ్‌కి దాంతో ఒరిగేదేమీ లేదు. ఈ ఒక్క పేజీ షాపులోనే చూసుంటే మేం ఆ ఫోన్ కొనేవాళ్లం కాదు.

ఇక డేటా. మాది రోజుకు 1.5 జీబీ ప్యాక్. గేమ్ ప్లే స్టోర్‌లో 700 ఎంబీ చూపించింది. తీరా తెరిచాక మ్యాపులనీ మరొకటనీ లోపల ఇంకో జీబీ పైగా అడిగింది. పొద్దున ఎనిమిదికల్లా ప్యాక్ అయిపోయి స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోయింది. ఆ స్పీడులో 100 ఎంబీ దిగాలంటే మూడున్నర గంటలు. నిజానికి ఆటకి పెద్ద డేటా పట్టదు. మా ఫోన్‌లో Data usage చూస్తే అరగంటకు పాతిక ఎంబీ దాటలేదు. తినేదల్లా డౌన్‌లోడ్లు, అప్‌డేట్లు, మధ్యలో వచ్చే వీడియో యాడ్లు. అందుకే ఇప్పుడు ప్లే స్టోర్‌లో Auto-update apps ఆపేశాం. లోపలి ప్యాకుల్లో వాడు ఆడే మ్యాపు ఒక్కటే ఉంచాం. పెద్ద అప్‌డేట్ వస్తే మా పిన్ని వాళ్లింట్లో వైఫై ఉంది, అక్కడే దించుకుంటాడు.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం వేడి. మాది లంక ఊరు, ఇంట్లో సిగ్నల్ ఒకటి రెండు గీతలే. సిగ్నల్ సన్నగా ఉంటే టవర్‌ని అందుకోవడానికి ఫోన్ ఎక్కువ పవర్ లాగుతుంది. దానికి తోడు ఎండాకాలం ఉక్క, వెనక రబ్బరు పౌచ్, ఛార్జింగ్ పెట్టే ఆట. ఇరవై నిమిషాలకి చెయ్యి పెట్టలేనంత కాలిపోయేది, ఆట ఆగి ఆగి నడిచేది. గేమ్ పాడైందనుకున్నాం. కాదు, వేడెక్కితే ఫోనే తన ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. వాడేమో కూలింగ్ యాప్ ఒకటి ఎక్కించాడు. ఏ యాపూ ఫోన్‌ని చల్లబరచలేదు, అది చూపించిన యాడ్లకి డేటా ఇంకా పోయింది. చల్లబడుతుందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది.

పౌచ్ తీసేసి, ఛార్జర్ పీకేసి, గ్రాఫిక్స్ తక్కువకి, ఫ్రేములు 30కి దించి, సిగ్నల్ బాగా వచ్చే అరుగు మీద కూర్చుని ఆడితే ఇప్పుడు ముప్పావుగంట నడుస్తోంది. అంతకంటే ఎక్కువ ఆ ఫోన్ వల్ల కాదు. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం అది బ్యాటరీయే, ఇక ఛార్జింగ్ పెట్టొద్దు.

వెనక్కి తీసుకోమంటే షాపాయన ఒప్పుకోలేదు. ఎనిమిది అని నోటితో అన్నాడే గానీ బిల్లు మీద రాయలేదు. మీరు కొనేటప్పుడు అసలు ర్యామ్ ఎంతో బిల్లు మీద రాయించుకోండి. తేడా వస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినప్పుడు చూపించడానికి ఆ కాగితం ఉంటుంది.