34 చోట్లకు పంపిన నా కవర్ లెటర్: పదకొండు నెలల వాడకం తర్వాత

నేను ఇక్కడ సమీక్షిస్తున్నది నేనే రాసుకున్న ఒక పేజీ కవర్ లెటర్‌ను. బీకాం చదివి, కూకట్‌పల్లిలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర లెక్కలు చూస్తూ, రాత్రిపూట ఆటలు తయారుచేసే యూనిటీ, అందులో కోడ్ రాసే సీ షార్ప్ సొంతంగా నేర్చుకున్నాను. జూనియర్ గేమ్‌ప్లే ప్రోగ్రామర్ ఉద్యోగాల కోసం ఈ లెటర్‌ను మూడు రూపాల్లో 34 చోట్లకు పంపాను. చూపించడానికి నా దగ్గర ఉన్నది చాలా తక్కువ. పాతబస్తీ మిద్దెల మీద దూకుతూ తెగిన పతంగిని పట్టుకునే ఆరు లెవెళ్ల ఆట ఒకటి, సగంలో ఆగిన పేకాట ఒకటి.

మొదటి రూపం 12 చోట్లకు వెళ్లింది, ఒక్క జవాబు కూడా రాలేదు. చిన్నప్పటి నుంచి ఆటలంటే ప్రాణమనీ, కష్టపడి పనిచేస్తాననీ, కంప్యూటర్ డిగ్రీ లేకపోయినా త్వరగా నేర్చుకుంటాననీ అందులో రాశాను. ఇప్పుడు చదువుకుంటే, అందులోని ఏ వాక్యాన్నైనా నా పక్క సీటు గుమస్తా కూడా సంతకం చేసి పంపుకోవచ్చు అనిపిస్తుంది.

రెండో రూపం రాసేనాటికి, 2024 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన ఐజీడీసీ అనే ఆటల తయారీదారుల సదస్సులో కలిసిన ఒక ప్రోగ్రామర్ మాట చెవిలో ఉంది. "మీరు ఏం చేశారో కాదండీ, ఏది చెడిపోయింది, ఎందుకు చెడిపోయింది, అది చెప్పండి" అన్నారు. అందుకే ఆటల వర్ణన దాదాపు మొత్తం తీసేసి, మధ్య పేరాను ఒకే ఒక్క బగ్‌కు కేటాయించాను. ఈ లెటర్‌లో పనిచేసిన భాగం అదొక్కటే కాబట్టి దాని గురించి వివరంగా చెబుతాను.

నా పతంగుల ఆటలో స్పేస్ నొక్కినా కుర్రాడు అప్పుడప్పుడు దూకేవాడు కాదు. నా ల్యాప్‌టాప్‌లో సుమారు ఆరుసార్లలో ఒకసారి అలా జరిగేది, కీబోర్డు పాతబడిందని సరిపెట్టుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా తమ్ముడు వెళ్లే గేమింగ్ సెంటర్‌లో సెకనుకు 144 ఫ్రేములు చూపించే 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఆడించి చూస్తే, మూడుసార్లలో రెండుసార్లు దూకలేదు. "అన్నా, కొత్త కీబోర్డు కదా ఇది" అని వాడు అనేసరికి తప్పు నా కోడ్‌లోనే ఉందని తేలింది.

కారణం ఇది. యూనిటీలో `Update` ప్రతి ఫ్రేమ్‌కు, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, ఒకసారి నడుస్తుంది. భౌతిక లెక్కలు జరిగే `FixedUpdate` మాత్రం, మనం మార్చకపోతే, ప్రతి 0.02 సెకన్లకు, అంటే సెకనుకు 50 సార్లు నడుస్తుంది. `GetKeyDown` కీ నొక్కిన ఆ ఒక్క ఫ్రేమ్‌లోనే నిజమని చెబుతుంది. నేను దాన్ని `FixedUpdate`లో చదువుతున్నాను. సెకనుకు 60 ఫ్రేముల దగ్గర పది ఫ్రేముల్లో `FixedUpdate` నడవదు కాబట్టి ఆరింట ఒక నొక్కుడు పోతుంది. 144 దగ్గర 94 ఫ్రేములు ఖాళీగా పోతాయి కాబట్టి దాదాపు మూడింట రెండు పోతాయి. కంప్యూటర్ ఎంత మంచిదైతే నా ఆట అంత చెడ్డగా నడుస్తోందన్నమాట. దిద్దిన రూపం ఇది:

```csharp
void Update() {
    jumpTimer -= Time.deltaTime;
    if (Input.GetKeyDown(KeyCode.Space)) jumpTimer = 0.1f;
}
void FixedUpdate() {
    if (jumpTimer > 0f && grounded) {
        Jump();
        jumpTimer = 0f;
    }
}
```

కీని ఫ్రేమ్‌లో చదివి, 0.1 సెకను పాటు గుర్తుంచుకుని, తర్వాతి భౌతిక అడుగులో వాడుకోవడమే ఇక్కడ జరిగేది. దీనివల్ల ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. నేలను తాకడానికి క్షణం ముందు నొక్కినా ఆ నొక్కుడు వృథా కాదు. గేమ్‌ప్లే వాళ్లు దీన్నే జంప్ బఫర్ అంటారు. లెటర్‌లో కోడ్ పెట్టలేదు. లక్షణం, రెండు మానిటర్ల మీద కనిపించిన తేడా, కారణం, దిద్దుబాటు కలిపి ఐదు వాక్యాల్లో రాసి, గిట్‌హబ్‌లో సరిగ్గా ఆ మార్పు కనిపించే పేజీ లింకు ఇచ్చాను. మొత్తం రిపాజిటరీ లింకు ఇస్తే చదివేవారు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూసేస్తారని నా అభిప్రాయం.

ఇంత చేసినా రెండో రూపం వెళ్లిన 9 చోట్ల నుంచి కూడా జవాబు రాలేదు, ఈసారి తప్పు లింకుది. ఆటను బ్రౌజర్‌లో ఆడుకునేలా బిల్డ్ చేసి ఒక ఉచిత హోస్టింగ్‌లో పెట్టాను. యూనిటీ ఎడిటర్ నుంచి నడిపితే చక్కగా తెరుచుకునేది కాబట్టి మళ్లీ చూడలేదు. మూడు వారాల తర్వాత వరంగల్‌లో ఉన్న మా అక్క తన కంప్యూటర్‌లో తెరిచి, "గీత నిండకముందే ఏదో ఎర్రర్ వస్తోందిరా" అని ఫోటో పంపింది. బిల్డ్ ఫైళ్లు జీజిప్‌లో కుదించి ఉన్నాయి. ఆ విషయాన్ని బ్రౌజర్‌కు చెప్పే `Content-Encoding: gzip` హెడర్‌ను ఆ సర్వర్ పంపడం లేదు. ఎడిటర్ తెరిచే స్థానిక సర్వర్ దాన్ని పంపుతుంది కాబట్టే నాకు ఎప్పుడూ తప్పు కనిపించలేదు. ప్లేయర్ సెట్టింగ్స్‌లోని పబ్లిషింగ్ విభాగంలో `Decompression Fallback` టిక్ చేసి మళ్లీ బిల్డ్ చేస్తే సరిపోయింది. తెరుచుకోవడం కొంచెం నెమ్మదించినా తెరుచుకుంటుంది. తర్వాత ఆటను చిన్న ఆటలు పెట్టుకునే ఇచ్.ఐఓ సైట్‌కి మార్చాను, ఎందుకంటే అక్కడ పేజీని ఏ రోజు ఎందరు చూశారో లెక్క కనిపిస్తుంది.

మూడో రూపం 220 పదాలు, 13 చోట్లకు వెళ్లింది. వాటిలో ఐదు పెద్ద కంపెనీల ఆన్‌లైన్ ఫారాలు. అవి పంపిన వారాల్లో నా ఆట పేజీ చూసినవారి సంఖ్య సున్నా. అటువంటి చోట్ల ఈ లెటర్ వల్ల ఉపయోగం లేదనే నా లెక్క. మిగిలిన ఎనిమిది చిన్న స్టూడియోలకు నేరుగా మెయిల్ చేసినవి. నాలుగు జవాబులూ వాటి నుంచే వచ్చాయి, రెండు చోట్ల పరీక్ష పెట్టారు.

మొదటి పరీక్ష తర్వాత నా అబద్ధం బయటపడింది. లెటర్‌లో "పేకాటలో మల్టీప్లేయర్ నెట్‌వర్కింగ్ చేశాను" అని ఒక వాక్యం మిగిల్చాను. నిజానికి ఒక వీడియో చూసి అందులో ఉన్నది ఉన్నట్టు టైపు చేసినదే అది. "ఒక ఆటగాడి కనెక్షన్ మధ్యలో తెగితే అతని చేతిలోని ముక్కలు ఎవరి దగ్గర ఉంటాయి?" అని ఆ స్టూడియో వాళ్లు అడిగారు. సర్వర్ దగ్గర ఉండాలని తెలుసు కానీ నా కోడ్‌లో ఎక్కడ ఉన్నాయో చెప్పలేకపోయాను. ఆ రాత్రే ఆ వాక్యం తీసేశాను.

రెండోది మాధాపూర్‌లోని ఒక చిన్న స్టూడియో. ఇంటర్వ్యూ చేసిన ఆవిడ లెటర్ ముందు పెట్టుకుని, "మీ పాత కోడ్ సెకనుకు 25 ఫ్రేములే వచ్చే మెషీన్ మీద ఏం చేస్తుంది?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. కాగితం మీద గీసుకున్నాను. ఒక్క ఫ్రేమ్ 0.04 సెకన్లు, అందులో `FixedUpdate` రెండుసార్లు నడుస్తుంది, రెండుసార్లూ `GetKeyDown` నిజమే. మొదటి అడుగులో కుర్రాడు పైకి లేచినా నేలను వెతికే కిరణం ఇంకా నేలకు తగులుతూనే ఉంటుంది, కాబట్టి దూకుడు బలం రెండుసార్లు పడుతుంది. "మామూలు కంటే చాలా ఎత్తుకు ఎగురుతాడండీ" అన్నాను. ఆవిడ తన ల్యాప్‌టాప్‌లో నా పాత కమిట్ తెరిచి, ఫ్రేములను 25కు కట్టేసి స్పేస్ నొక్కారు. కుర్రాడు మిద్దె దాటి, స్క్రీన్ పై అంచు దాటి మాయమయ్యాడు.

అక్కడ ఆరు నెలల ట్రైనీగా చేరాను. యూనిటీ బదులు అన్‌రియల్ వాడే స్టూడియోలకు ఈ లెటర్‌ను ఇలాగే పంపమని ఎవరికీ చెప్పను. అక్కడ అడిగేది సీ ప్లస్ ప్లస్, నేను పంపిన రెండు చోట్లా జవాబులో మొదటి ప్రశ్న అదే.