సెలూన్ పోస్టులో ‘హైదరాబాద్’ అని రాయాలా, ‘కొత్తపేట’ అని రాయాలా?

దిల్‌సుఖ్‌నగర్ దాటాక కొత్తపేటలో ఒక చిన్న సెలూన్ ఉందనుకుందాం. ఇన్‌స్టాగ్రామ్‌లో కెరటిన్ చేసిన జుట్టు ఫొటో పెడుతున్నారు. కింద ఏ ఊరి పేరు రాయాలి?

‘హైదరాబాద్’ ఒక్కటే రాస్తే పోటీ నగరమంతటితోనూ. కూకట్‌పల్లి నుంచి ఫోన్ వస్తుంది, దూరం చెప్పగానే కట్ అవుతుంది. రెండు వీధుల అవతల ఉన్న మనిషికి మాత్రం మీరు కనిపించరు.

‘కొత్తపేట’ ఒక్కటే రాసినా చిక్కే. గుంటూరులో కొత్తపేట ఉంది, విజయవాడలో ఉంది, కోనసీమలోనూ ఉంది. #kothapet అన్న హ్యాష్‌ట్యాగ్ నొక్కి చూడండి, ఏ ఊరిదో తేల్చుకోలేని పోస్టులు కలగాపులగంగా వస్తాయి. గాంధీనగర్, అశోక్‌నగర్ లాంటి పేర్లదీ ఇదే తంతు. అందుకే పేట పేరు, దాని పక్కనే నగరం పేరు కలిపి రాయడం మేలు. దారి గుర్తుకు మెట్రో స్టేషన్ చాలు:

```
Keratin treatment in Kothapet, Hyderabad.
Near Victoria Memorial metro.
```

ఇంగ్లిష్ అక్షరాలు ఎందుకంటే, వెతికేటప్పుడు ఎక్కువమంది అలాగే టైప్ చేస్తారు. తెలుగులో చెప్పాల్సింది ఆ కింద హాయిగా రాసుకోండి. ఈ రెండు వరుసలు మాత్రం పైనే ఉండాలి. క్యాప్షన్‌లో మొదటి ముక్కే కనిపించి, మిగతాది ‘more’ వెనక్కి పోతుంది. పండుగ శుభాకాంక్షలతో మొదలుపెడితే చిరునామా అక్కడే దాక్కుంటుంది. ఇంకోటి, ‘హెయిర్ ట్రాన్స్‌ఫర్మేషన్’ అని ఎవరూ వెతకరు. కెరటిన్, బ్రైడల్ మేకప్, హెయిర్ కట్ అని పని పేరే రాయాలి.

మరి నాగోల్, ఉప్పల్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ అంటూ పది పేర్లు గుప్పిస్తే? వద్దు. చదివేవాళ్లకు సెలూన్ ఎక్కడుందో అర్థం కాదు, ఉప్పల్ మనిషి ఉప్పల్‌లోనే ఉందనుకుని ఫోన్ చేస్తాడు. నిజంగా కస్టమర్లు వస్తున్న పక్క పేట ఒక్కటి, అదీ వాక్యంలో ఇమిడితేనే, చేర్చండి.

గూగుల్ మ్యాప్స్ సంగతి వేరు. బోర్డు మీద లేని పేట పేరును అక్కడ సెలూన్ పేరుకు తగిలించడం వాళ్ల నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్ నిలిపేసే ప్రమాదం ఉంది. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో పేరు రాసే గడిలో మాత్రం ‘Salon Kothapet’ అని చేర్చుకోవచ్చు, సెర్చ్ ఆ గడినీ చూస్తుంది. పేరు మార్పు 14 రోజుల్లో రెండుసార్లకే పరిమితం కాబట్టి అక్షరాలు సరిచూసుకుని మార్చండి.

పని చేస్తోందో లేదో ఇన్‌సైట్స్ పూర్తిగా చెప్పవు, అందులో వచ్చేది నగరం పేరే. మీ ఫోన్‌లో వెతికితే మీ సెలూన్ పైన రావడంలోనూ వింత లేదు, రోజూ చూసే అకౌంటే కదా. మిమ్మల్ని ఫాలో కాని వాళ్ల ఫోన్‌లో ‘keratin kothapet’ కొట్టి చూడండి. కొత్తగా వచ్చినవాళ్లను “ఏ ఏరియా నుంచండీ, మా గురించి ఎలా తెలిసింది?” అని అడిగి, బిల్లు పుస్తకంలో నెలరోజులు రాసిపెట్టండి. ఏ పక్క పేట పేరు చేర్చాలో ఆ పుస్తకమే చెబుతుంది.